మూడు నానోగ్రాముల దగ్గర

"ఆర్ విలువ 0.9998 వచ్చింది కదా మేడం, ఇంకా ఏం కావాలి?" అన్నాడు క్యూఏ నుంచి వచ్చిన కుర్రాడు. చేతిలో మా లీనియారిటీ షీటు ఉంది. ప్రోటోకాల్‌లో 0.995కు తగ్గకూడదని రాసుకున్నాం, దానికి ఎంతో పైనే వచ్చింది. సంతకం పెడితే ఆ అధ్యాయం ముగుస్తుంది. నేను పెట్టలేదు. ఆ షీటులో మొదటి వరుస నాకు నచ్చలేదు.

ఇది 2021 డిసెంబరు మాట. హైదరాబాద్ శివార్లలో ఒక బల్క్ డ్రగ్ కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబులో పనిచేస్తున్నాను. మా ముందున్న మందు వల్సార్టాన్, రక్తపోటుకు వాడేది. అందులో వెతకాల్సింది ఎన్‌డీఎంఏ అనే నైట్రోసమైన్. 2018 జూలైలో ఐరోపాలోనూ అమెరికాలోనూ వల్సార్టాన్ మాత్రలు వెనక్కి రప్పించింది దీనివల్లే. టెట్రజోల్ వలయం కట్టే దశలో సోడియం అజైడ్ వాడతారు. మిగిలిపోయిన అజైడ్‌ను చంపడానికి సోడియం నైట్రైట్ పోస్తారు. ద్రావణిగా డీఎంఎఫ్ ఉంటే అది కొద్దిగా విరిగి డైమిథైలమైన్ ఇస్తుంది. ఆ రెండూ ఆమ్లంలో కలిస్తే ఎన్‌డీఎంఏ పుడుతుంది. క్యాన్సర్ కారకం కావచ్చన్న అనుమానం గట్టిగా ఉన్న పదార్థం కాబట్టి రోజుకు 96 నానోగ్రాములు మించి మనిషి ఒంట్లోకి పోకూడదని పరిమితి పెట్టారు. వల్సార్టాన్ రోజుకు గరిష్ఠంగా 320 మిల్లీగ్రాములు వేసుకుంటారు. 96ను 320తో భాగిస్తే మందులో 0.3 పీపీఎం దాకా ఉండొచ్చన్నమాట. గ్రాములో 0.3 మైక్రోగ్రాము.

మా పద్ధతి హెడ్‌స్పేస్ జీసీ-ఎంఎస్. అర గ్రాము మందును వయల్‌లో వేసి, 5 మిల్లీలీటర్ల డీఎంఎస్‌ఓ పోసి, మూత బిగించి వేడిచేస్తాం. పైకి లేచిన ఆవిరిలో కొంత తీసి కాలమ్ లోకి పంపుతాం. ఈ తూకం మీద లెక్కేస్తే 0.3 పీపీఎం అంటే వయల్ ద్రావణంలో మిల్లీలీటరుకు 30 నానోగ్రాములు. ఇకముందు నేను చెప్పే అంకెలన్నీ ఆ కొలతలోనే. 30 అంటే పరిమితి, 3 అంటే అందులో పదో వంతు.

ఆ పదో వంతుకు ప్రత్యేకమైన బరువుంది. ఐరోపా నియంత్రణ సంస్థ మార్గదర్శకాల ప్రకారం లాటులన్నింటిలో నిలకడగా పరిమితిలో పదో వంతుకు మించకపోతే ఆ పరీక్షను స్పెసిఫికేషన్‌లో పెట్టనక్కర్లేదు. దానికి పైన, 30 శాతం లోపు ఉంటే అన్ని లాటులూ కాకుండా అప్పుడప్పుడు చేస్తే సరిపోతుంది. అంతకు మించితే ప్రతి లాటుకూ చేయాలి. కాబట్టి మా పద్ధతి 30 దగ్గర నిజం చెబితే చాలదు, 3 దగ్గర కూడా చెప్పాలి. కొనుగోలుదారులు ముందు అడిగేది కూడా ఆ 3 గురించే.

ఇప్పుడు ఆ షీటు దగ్గరికి వస్తాను. 3, 6, 15, 30, 45, 60 చొప్పున ఆరు ద్రావణాలు చేసి నడిపాం. వచ్చిన పీక్ ఏరియాలు వరుసగా 3060, 6100, 15150, 30000, 44100, 57600. ఎక్సెల్ వీటి మధ్యగా ఒక గీత గీసింది. వాలు 960.4, ఇంటర్‌సెప్ట్ 551. ఆర్ విలువ 0.9998. గోడకు అంటించిన గ్రాఫు చూస్తే ఆరు చుక్కలూ గీత మీదే కూర్చున్నట్టుంటాయి.

నేనా కుర్రాణ్ణి కూర్చోబెట్టి, క్యాలిక్యులేటర్ ఇచ్చి, మొదటి ద్రావణాన్ని ఇదే గీతతో వెనక్కి లెక్కించమన్నాను. 3060 లోంచి 551 తీసేసి 960.4తో భాగించాడు. 2.61 వచ్చింది. మేము 3 తూచి పోసిన ద్రావణాన్ని మా గీతే 2.6 అంటోంది. 13 శాతం తక్కువ. 30 దగ్గర అదే గీత 30.7 అంటుంది, 60 దగ్గర 59.4 అంటుంది. పైన తేడా కంటికి ఆనదు, కింద మాత్రం గట్టిగా తెలుస్తుంది. ఆర్ విలువ పెద్ద చుక్కల మాటే ఎక్కువ వింటుంది. 60 దగ్గరున్న చుక్క గీతను తన వైపు ఎంత లాగుతుందో 3 దగ్గరున్న చుక్క అంత లాగలేదు. అందుకే అట్టడుగు చుక్క గీతకు దూరంగా పడినా ఆర్ తొమ్మిదులు చూపిస్తూనే ఉంటుంది.

చుక్కకూ గీతకూ మధ్య మిగిలిన తేడాలను మేము రెసిడ్యువల్స్ అంటాం. వాటిని విడిగా గ్రాఫు వేస్తే సంగతి బయటపడింది. మొదటి రెండూ గీతకు కింద, మధ్యలో మూడూ పైన, చివరిది మళ్లీ కింద. చిన్న కొండలాంటి ఆకారం. యాదృచ్ఛికంగా వచ్చే తేడాలైతే పైకీ కిందికీ చెదురుమదురుగా పడాలి. కొండలా కనిపించిందంటే స్పందన నిజానికి తిన్నని గీత కాదు, పైకి పోయేకొద్దీ వంగుతోంది. కారణం వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. 3 స్పష్టంగా కనపడాలని డిటెక్టర్ మల్టిప్లయర్ వోల్టేజిని మేమే బాగా పెంచి పెట్టాం. దాంతో కింద సిగ్నల్ పెద్దదైంది, పైన 45, 60 దగ్గర డిటెక్టర్ ఆ తాకిడిని పూర్తిగా లెక్కపెట్టలేక వెనకబడింది.

60 దాకా వెళ్లాల్సిన పని మాకు నిజంగా లేదు. పరిమితికి రెండింతలు కాబట్టి నిండుగా ఉంటుందని ఎవరో ప్రోటోకాల్‌లో రాశారు, అంతే. పై హద్దును 36కు, అంటే పరిమితికి 120 శాతానికి దించి, 22.5 దగ్గర ఒక ద్రావణం కలిపి మళ్లీ గీత గీశాం. ఇప్పుడు 3ను వెనక్కి లెక్కిస్తే 2.9 వచ్చింది. 36 దాటిన శాంపిల్ వస్తే తక్కువ తూకంతో మళ్లీ తయారుచేయాలని పద్ధతిలోనే రాసుకున్నాం. పాత గీతనూ కొత్త గీతనూ, ఆ కొండ ఆకారాన్నీ, హద్దు ఎందుకు మార్చామో కారణాన్నీ వాలిడేషన్ రిపోర్టులో పెట్టాను. పాతది తీసేద్దామని ఒకరిద్దరు సూచించారు, నేను ఒప్పుకోలేదు. రేపు ఇంకెవరో ఈ పద్ధతిని మళ్లీ 60 దాకా సాగదీయబోతే వాళ్లకు ఆ పేజీ కావాలి.

ఆ వంకర గీత ఎల్‌ఓడీని కూడా చెడగొట్టింది. ఎల్‌ఓడీ అంటే ఈ పదార్థం ఉందని నమ్మకంగా చెప్పగలిగిన అతి తక్కువ మోతాదు. ఐసీహెచ్ క్యూ2 మార్గదర్శకం దాన్ని రాబట్టడానికి కొన్ని దారులు చూపిస్తుంది. క్రొమాటోగ్రామ్‌లో అడుగున కనిపించే గడ్డిలాంటి నాయిస్‌కు పీక్ మూడింతలు ఉందా అని చూడటం ఒకటి. ఇంకొకటి సూత్రం.

```
LOD = 3.3 × σ / S
LOQ = 10 × σ / S
```

S అంటే గీత వాలు. σ అంటే సిగ్నల్ ఎంత అటూఇటూ ఊగుతోందో చెప్పే ప్రామాణిక విచలనం. చాలా ల్యాబుల్లో ఈ σ స్థానంలో లీనియారిటీ గీత రెసిడ్యువల్ విచలనాన్ని తెచ్చి పెట్టేస్తారు, ఎక్సెల్‌లో అది చేతికి అందేలా ఉంటుంది కనుక. మా వాళ్లూ అదే చేశారు. 60 దాకా పోయిన ఆ గీతలో రెసిడ్యువల్ విచలనం 516. దాంతో ఎల్‌ఓడీ 1.8, ఎల్‌ఓక్యూ 5.4 వచ్చాయి. కానీ 3 దగ్గర పీక్‌ను కళ్లతో చూస్తున్నాం, నిటారుగా, నాయిస్‌కు పదింతలకు పైగా నిలబడి ఉంది. ఎల్‌ఓక్యూ 5.4 అయితే ఆ పీక్‌ను లెక్కలోకే తీసుకోకూడదు. సూత్రం తప్పేమీ కాదు. మేము దానికి ఇచ్చిన 516లో నాయిస్ పాలు చాలా తక్కువ, ఎక్కువ భాగం ఆ వంకరే. డిటెక్టర్ 60 దగ్గర వెనకబడిన పాపాన్ని తీసుకొచ్చి 3 దగ్గరి పీక్ నెత్తిన రుద్దాం.

అందుకని ఎల్‌ఓడీ కోసం విడిగా 0.5 నుంచి 3 లోపలే ఒక చిన్న గీత గీశాం. ఆ చోట విచలనం 90, వాలు 1020. ఎల్‌ఓడీ 0.3, ఎల్‌ఓక్యూ 0.9 వచ్చాయి. లెక్కలో వచ్చింది కదా అని రాసేయకుండా 0.3 ద్రావణాన్ని నిజంగా తయారుచేసి ఆరు వయల్స్ నడిపాం. మార్గదర్శకం కూడా ఆ మోతాదును తయారుచేసి నిర్ధారించుకోమనే చెబుతుంది. ఆరింటిలోనూ పీక్ కనపడింది. ఏరియాలు మాత్రం 210 నుంచి 420 దాకా పరుచుకున్నాయి. ఒకే ద్రావణం, ఒకే రోజు, ఒకదానికి ఇంకొకటి రెండింతలు. కొత్తగా చేరిన పిల్లలకు ఎల్‌ఓడీ అంటే ఏమిటో చెప్పాల్సి వచ్చినప్పుడు ఆ ఆరు క్రొమాటోగ్రామ్‌లనే పక్కపక్కన పెట్టి చూపిస్తాను. ఉందా అంటే ఉంది, ఎంత అంటే చెప్పలేం. రిపోర్టులో చివరికి ఎల్‌ఓక్యూగా 0.9 కాకుండా 3నే ప్రకటించాం. నిర్ణయం జరిగేది 3 దగ్గర, అక్కడ ఆర్‌ఎస్‌డీ, రికవరీ రెండూ చేసి చూపించగలిగాం కాబట్టి. అవసరం లేని చోట గొప్ప అంకె రాస్తే రోజువారీ పనిలో పరికరం కాస్త మురికిపట్టిన నాడు ఆ అంకెను నిలబెట్టలేక ల్యాబు ఇబ్బందిపడుతుంది.

ప్రెసిషన్‌లో నేర్చుకున్నది చిన్నదే కానీ ఇప్పటికీ వాడుతున్నాను. ఎన్‌డీఎంఏ కనపడని ఒక లాటును తీసుకుని, పరిమితి మోతాదు స్పైక్ చేసి, ఆరుసార్లు విడివిడిగా తయారుచేయాలి. మొదటి అనలిస్ట్ సగటు 30.1, ఆర్‌ఎస్‌డీ 2.0 శాతం. ఇంకో రోజు ఇంకో అనలిస్ట్ చేసింది, శ్రీకాకుళం అమ్మాయి, చేరి ఆరు నెలలైంది. ఆమె సగటు 32.7, ఆర్‌ఎస్‌డీ 2.8. పన్నెండూ కలిపితే 4.9 శాతం. ప్రోటోకాల్ 15 దాకా ఒప్పుకుంటుంది. పాసే. కానీ ఆమె ఆరు ఫలితాలూ అతని సగటు కంటే పైనే పడ్డాయి. అదే ఊగిసలాటైతే కొన్నైనా కిందికి పడాలి కదా.

తప్పు చేశావని అంటానేమోనని ఆ అమ్మాయి భయపడింది. "నువ్వెలా చేశావో అలాగే చెయ్యమ్మా, నేను పక్కన నిలబడి చూస్తానంతే" అన్నాను. డిసెంబరు పొద్దున, ఏసీ గదిలో డీఎంఎస్‌ఓ సీసా అడుగున తెల్లగా గడ్డకట్టి ఉంది. ఆ ద్రావణి 18 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, మన శీతాకాలంలో ఇది మామూలే. ఆమె గోరువెచ్చని నీళ్లలో పెట్టి కరిగించి వాడింది, అక్కడిదాకా సరే. కానీ ఇంకా చల్లగానే ఉన్న డీఎంఎస్‌ఓ నూనెలా చిక్కగా ఉంటుంది. పిపెట్‌లోంచి వదిలి వెంటనే తీసేసింది. టిప్ లోపలి గోడకు పొరలా అంటుకున్నది జారడానికి కొన్ని సెకన్లు కావాలి. వయల్‌ను త్రాసు మీద పెట్టి చూపించాను. డీఎంఎస్‌ఓ సాంద్రత 1.10, 5 మిల్లీలీటర్లంటే 5.5 గ్రాములు తూగాలి. 5.06 వచ్చింది. ఆమె పోసేది 4.6 మిల్లీలీటర్లే. ద్రావణి తగ్గితే అదే ఎన్‌డీఎంఏ మరింత గాఢంగా మారుతుంది, ఫలితం తొమ్మిది శాతం దాకా పెరుగుతుంది. సరిగ్గా అంతే పెరిగింది.

"అయితే మేడం, అందరమూ తూచే పోయొచ్చు కదా" అంది ఆమే. పద్ధతిలో ఆ వాక్యం ఆమె మాటతోనే మారింది. 5 మి.లీ. పోయాలి అన్న చోట ఇప్పుడు 5.5 గ్రాములు తూచి పోయాలి అని ఉంది. మళ్లీ చేసినప్పుడు ఆమె సగటు 30.3 వచ్చింది.

చివరికి మిగిలింది ఆక్యురసీ. నాకు నిద్ర లేకుండా చేసింది ఇదే. ఈసారి తీసుకున్న లాటులో సహజంగానే కొంత ఎన్‌డీఎంఏ ఉంది, పద్ధతి 5.6 చూపించింది. దానికి 3, 15, 30 చొప్పున మూడు స్థాయిల్లో, ఒక్కోటి మూడేసి తయారీలు స్పైక్ చేసి, వచ్చిన దాంట్లోంచి సహజంగా ఉన్నది తీసేసి రికవరీ లెక్కిస్తాం. 30 పోసినప్పుడు 35.2 వచ్చింది. 5.6 తీస్తే 29.6, అంటే 98.7 శాతం. మిగతా స్థాయిలూ 94 నుంచి 104 మధ్యే. ఇంతకంటే అందమైన ఆక్యురసీ పట్టిక నేను చాలా రోజులుగా చూడలేదు.

అయినా ఆ 5.6 మీదే నా కన్ను. అదే లాటుకు ప్రాసెస్ వాళ్లు ఇచ్చిన సమాచారంలో కడిగిన తర్వాత కూడా నైట్రైట్ కొద్దిగా మిగిలినట్టు ఉంది. మేము ఆ పొడిని 120 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు వేడిచేస్తున్నాం. మందులో కొంచెం నైట్రైట్, కొంచెం డైమిథైలమైన్ మిగిలి ఉంటే వాటిని మూతబిగించిన వయల్‌లో వేడిచేయడమంటే మేమే ఎన్‌డీఎంఏ తయారుచేస్తున్నట్టు కాదా? 2019లో రానిటిడిన్ విషయంలో ఇలాంటిదే చర్చకు వచ్చింది. శాంపిల్‌ను 130 డిగ్రీలకు వేడిచేసే పద్ధతిలో ఆ మందే ఎన్‌డీఎంఏగా విరిగి భారీ అంకెలు చూపిస్తోందని అమెరికా ఎఫ్‌డీఏ చెప్పి, వేడి అక్కర్లేని ఎల్‌సీ-ఎంఎస్ పద్ధతి వాడమంది. ఆ మందులో నిజంగా సమస్య ఉందని తర్వాత తేలింది, అది వేరే సంగతి. వేడి అబద్ధం చెప్పించగలదన్నది మాత్రం నాకు అప్పటి నుంచీ గుర్తుంది.

రికవరీ దీన్ని ఎందుకు పట్టుకోలేదు? స్పైక్ చేసిన వయల్‌లోనూ స్పైక్ చేయని వయల్‌లోనూ ఒకే మందు, ఒకే వేడి. వేడికి పుట్టిన ఎన్‌డీఎంఏ రెండింట్లోనూ సమానంగా ఉంటుంది. ఒకదాంట్లోంచి ఇంకొకటి తీసేయగానే అదీ కొట్టుకుపోతుంది. మేము చేత్తో పోసింది తిరిగి వచ్చిందా లేదా అన్నదానికే రికవరీ జవాబిస్తుంది. మందులో ముందే ఉందని చూపిస్తున్నది నిజంగా ముందే ఉందా అని దాన్ని అడిగినా అది చెప్పలేదు.

పరీక్ష చాలా సులువు. అదే లాటును మూడు వయల్స్‌లో పెట్టి 15, 30, 45 నిమిషాలు వేడిచేశాం. 5.6, 8.0, 10.2 వచ్చాయి. మందు లేకుండా ఒట్టి స్టాండర్డ్ ద్రావణాన్ని అలాగే వేడిచేస్తే ఏ సమయానికైనా ఒకే అంకె. ముందే ఉన్న పదార్థం, ఆవిరి సమతుల్యం కుదిరాక, వేడిచేసే సమయం పెంచినకొద్దీ పెరగదు. ఇది పెరుగుతోందంటే వయల్‌లోనే పుడుతోంది. 15 నిమిషాలకు సుమారు 2.3 చొప్పున. ఆ గీతను వెనక్కి, సున్నా నిమిషానికి లాగితే 3.3 దగ్గర తగులుతుంది.

ద్రావణిని మార్చాం. నైట్రైట్‌ను అమైన్ కంటే ముందే పట్టేసుకునే పైరోగలాల్‌ను, ఫాస్ఫారిక్ ఆమ్లంతో కలిపి వేశాం. మళ్లీ మూడు సమయాలూ నడిపితే 3.3, 3.2, 3.4. పెరుగుదల ఆగిపోయింది. అది నిజంగా పనిచేస్తోందా లేక యాదృచ్ఛికమా అని ఎన్‌డీఎంఏ లేని లాటుకు కావాలనే నైట్రైట్, డైమిథైలమైన్ రెండూ కలిపి వేడిచేశాం. పాత ద్రావణిలో పెద్ద పీక్, కొత్త దాంట్లో ఎల్‌ఓడీ కంటే కిందే. ద్రావణి మారింది కాబట్టి లీనియారిటీ, ఎల్‌ఓక్యూ, ప్రెసిషన్, రికవరీ అన్నీ మొదటి నుంచీ చేయాల్సి వచ్చింది. మరో మూడు వారాలు. మా మేనేజరు గారు ముందు తల పట్టుకున్నా, మూడు సమయాల క్రొమాటోగ్రామ్‌లు ఒకదాని మీద ఒకటి పేర్చి చూపించేసరికి "చెయ్యమ్మా, కొనేవాళ్లకు ఆలస్యం గురించి నేను చెప్తాను" అన్నారు.

ఆ లాటు ఫలితం రిపోర్టులో 3.3 అని నమోదైంది, మందులో 0.033 పీపీఎం. పరిమితికి చాలా కిందే, కానీ పదో వంతు గీతకు కాస్త పైన. ఒక రాత్రి నేను పాత గీతను మళ్లీ తెరిచి, 3.3 ద్రావణం దాని మీద ఎంత చదివేదో లెక్కేసి చూశాను. 2.9. మొదటి రోజు ఆ షీటు మీద సంతకం పెట్టి ఉంటే, వేడి సంగతి ఒక్కటే సరిదిద్దుకుని ఉంటే, ఈ లాటు పదో వంతుకు లోపలే ఉందని, ఈ పరీక్షే అక్కర్లేదని రాసేవాళ్లం.

ఇప్పుడు ఆ పరీక్ష స్పెసిఫికేషన్‌లో ఉంది. ఆ అమ్మాయే చేస్తుంది, డీఎంఎస్‌ఓ తూచి పోసి.